మూడు తప్పులకు ఒక ఒప్పు

గట్టుప్పల్‌లో చిటికి కట్టే ఆడవాళ్లలో రోజారమణి చెయ్యి శుభ్రమైనదని పేరు. దారాన్ని కట్టలు కట్టి, రంగు ఎక్కకూడని చోట రబ్బరుతో బిగించి ముడి వేయడాన్ని చిటికి అంటారు. ఆ పని చేస్తూనే ఆమె గోడకు అంటించిన కాగితం మీది సూత్రాలు వల్లె వేసేది. అత్త సుభద్రమ్మ మగ్గం గుంటలో కూర్చుని, "మంత్రాలు చదువుతున్నవా ఏందే?" అని వెక్కిరించేది. మంత్రాలే. రైల్వేలో గ్రూప్-డి ఉద్యోగానికి పదో తరగతి చాలు, పరీక్షలో వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు. ఉద్యోగం వస్తే నెల తిరిగేసరికి జీతం పడుతుంది, చీర అమ్ముడుపోయిందా లేదా అని ఎవరి మొహమూ చూడనక్కరలేదు.

ఈ కథలో ఆమెకు ముప్ఫై ఎనిమిదేళ్లు. బడికి పోయే పిల్లలు ఇద్దరు. ఇది ఆమె రెండో రైల్వే పరీక్ష, వయసు లెక్క ప్రకారం చివరిది కూడా. ఇంకో నోటిఫికేషన్ వచ్చేనాటికి ఆమె నలభై దగ్గరికి వస్తుంది, వాళ్లు ఆమె దరఖాస్తే తీసుకోరు. కాబట్టి ఇప్పుడు కాకపోతే ఎప్పుడూ కాదు. ఆ సంగతి ఇంట్లో ఎవరూ పైకి అనరు. అనకపోవడం వల్లనే అది ఇల్లంతా నిండిపోయి ఉండేది.

మొదటిసారి ఏం జరిగిందో చెప్పకపోతే ఆమె భయం అర్థం కాదు. అప్పట్లో ఆమె నల్లగొండలో ఒక కోచింగ్‌కు మూడు నెలలు పోయింది. అక్కడ రాష్ట్రం పెట్టే పరీక్షలకు, వీఆర్వోకూ గ్రూప్-ఫోర్‌కూ తయారు చేసేవారు. ఆ పరీక్షల్లో తప్పు రాస్తే పోయేదేం లేదు. అందుకే సారు రోజూ ఒకే పాట పాడేవాడు: "ఖాళీ వదిలినోడు ఖాళీగనే ఉంటడు. తెల్వకపోతే సీ పెట్టుర్రి, గని గుండ్రం నింపకుండ మాత్రం బయటికి రావొద్దు." ఆ మాట ఆమె ఎముకల్లో దిగింది. దిగనివ్వకేం చేస్తుంది, పాపం సారు చెప్పింది ఆ పరీక్షలకు నిజమే కదా.

రైల్వే పరీక్షలో అది నిజం కాదు. ఒక్క తప్పు రాస్తే మార్కులో మూడో వంతు కోస్తారు. అది సూచనల పేజీలోనే రాసి ఉంది. రోజారమణి కూడా చదివింది. చదివి కూడా, చివరి ఐదు నిమిషాల్లో చేతికి అలవాటైన దారిలోనే చెయ్యి పోయింది. తెలిసినవి యాభై తొమ్మిది పెట్టాక, మిగిలిన నలభై ఒక్కటికీ టకటకా మూడో జవాబే నొక్కేసింది. బయటికి వచ్చి, "ఒక్కటి గూడ విడిచిపెట్టలే" అని మొగుడు అశోక్‌కుమార్‌కు గర్వంగా చెప్పింది కూడా.

కీ వచ్చాక లెక్క తేలింది. యాభై తొమ్మిదిలో యాభై ఐదు ఒప్పు, నాలుగు తప్పు. అంతవరకే ఆగి ఉంటే యాభై మూడున్నర పైన. గుడ్డిగా నొక్కిన నలభై ఒక్కటిలో ఆరు తగిలాయి, ముప్ఫై ఐదు తప్పాయి. ఆరు తెచ్చి పదకొండుకు పైగా పోగొట్టుకుంది. చేతికి వచ్చింది నలభై ఎనిమిది. రెండున్నర మార్కుల్లో ఉద్యోగం పోయింది. ఏమీ చేయకుండా చేతులు కట్టుకుని కూర్చుంటే వచ్చేదన్నమాట! ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. తన చేతివేళ్ల వంక చూసుకుంటూ కూర్చుంది, అవి తనవి కావన్నట్టు.

అప్పటినుంచి పట్టుకుంది భయం. పాముకాటు తిన్నవాడికి తాడు చూసినా వణుకే. మళ్లీ దరఖాస్తు పెట్టి, పరీక్ష ఎప్పుడో తెలియక మూడేళ్లు ఎదురుచూసింది. మధ్యలో కరోనా వచ్చింది, పోయింది. ఎదురుచూసినంతకాలమూ ఆ భయాన్నీ పెంచుకుంది. చిన్న అనుమానం ఉన్నా జవాబు నొక్కడం మానేసింది. నూటికి తొంభై పాళ్లు తెలిసినదాన్ని కూడా "ఏమో, కాకపోతే?" అని వదిలేసేది.

చండూరులో తాజుద్దీన్ అనే ఆయనకు నెట్ సెంటర్ ఉంది. హాల్‌టికెట్లు తీసిస్తాడు, దరఖాస్తులు నింపుతాడు, నాలుగు కంప్యూటర్ల మీద నమూనా పరీక్షలు పెట్టిస్తాడు. కుర్రతనంలో తానే ఆరుసార్లు రైల్వే పరీక్ష రాసి, ఆరుసార్లూ తప్పి, ఆ కసితో పరీక్షల లోపలి లెక్కంతా వంటబట్టించుకున్నవాడు. ఈత రానివాడు ఒడ్డున కూర్చుని ఈత నేర్పినట్టుందని అందరూ నవ్వేవారు. ఆయనా నవ్వేవాడు. రోజారమణి వారానికి రెండుసార్లు ఆటోలో వచ్చి అక్కడ నమూనా పరీక్ష రాసేది.

ఒక మధ్యాహ్నం ఆయన ఆమె మార్కులు చూసి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.

"చెల్లె, అరవై పెడ్తున్నవు, యాభై ఏడు ఒప్పు. మంచిగనే ఉన్నది. గని మిగిలిన నలభై ఏం పాపం జేసినయ్? ఒక్కదాని జోలికి గూడ పోతలేవు."

"పోతే ఏమైతదో నాకు తెలుసన్నా. ఒకసారి చెయ్యి కాల్చుకున్న."

"కాలింది గుడ్డిగ నొక్కినందుకు. రెండు తీసేసి నొక్కుడు, గుడ్డిగ నొక్కుడు ఒక్కటేనా?" ఆయన ఒక పాత రసీదు వెనక్కి తిప్పి గీతలు గీశాడు. "సూడు. ఏం తెల్వకుండ నాలుగు ప్రశ్నలకు నొక్కినవనుకో. ఒకటి తగులుతది, మూడు తప్పుతయి. మూడు తప్పులు కలిసి ఒక ఒప్పును తింటయి. మిగిలింది సున్న. నష్టం లేదు, లాభం లేదు, గుండెదడ మాత్రం మిగులుతది. గందుకే అవి విడిచిపెట్టు. గదే, నాలుగింట్ల రెండు కావని నీకు గట్టిగ తెలిస్తే? ఆరు ప్రశ్నలకు మూడు తగులుతయి, మూడు తప్పుతయి. మూడు వచ్చె, ఒకటి పాయె. రెండు మార్కులు నీ ఒళ్లె పడ్డట్టే."

"అన్నీ తప్పితే?"

"అన్నీ తప్పుతయా?"

"నాకు తప్పుతయన్నా. నా చెయ్యి గసుంటిది."

తాజుద్దీన్ వాదించలేదు. వాదనతో భయం పోయే పనైతే లోకంలో భయమే ఉండదు. సొరుగులోంచి రెండొందల పేజీల నోటుబుక్కు తీసి ఇచ్చాడు. "ఇగ సూడు. నువ్వు విడిచిపెడ్తనంటే విడిచిపెట్టు, నేనేం అనను. గని ఇడిచిన ప్రతి ప్రశ్నకు ఇండ్ల రాయి. నొక్కితే ఏది నొక్కేదానివి, ఎన్ని తీసేసినవు. నొక్కకు, ఊకె రాయి. పరీక్ష అయినంక ఒప్పో తప్పో మార్కు పెట్టు. పది పరీక్షలకు నీ చెయ్యి ఎసుంటిదో మనకే తెలుస్తది."

రాయడానికి భయమేముంది! అది మార్కులు కోసే పని కాదు. రోజారమణి రాసింది. తాను కావని ఖాయంగా కొట్టేసిన జవాబులు రెండైతే ఒక పేజీ, ఒకటే అయితే ఇంకో పేజీ, అసలేమీ తెలియకపోతే మూడో పేజీ. ఇక్కడ తనను తాను మోసం చేసుకోకూడదన్నది ఆయన పెట్టిన ఒకే ఒక్క షరతు: "ఏదో కాదేమో అనిపిస్తే తీసేసినట్టు కాదు. ఎందుకు కాదో నోటితోని చెప్పగల్గాలె." మానవ శరీరంలో అతి పెద్ద గ్రంథి ఏదని అడిగారనుకోండి. థైరాయిడ్ గొంతులో ఉంటుంది, పిడికెడు కూడా ఉండదు. పీయూష గ్రంథి తలలో శనగగింజంత. ఆ రెండూ పోయాయి, కారణం చెప్పింది. ఇక మిగిలినవి కాలేయం, క్లోమం. ఏదో ఒకటి.

పది నమూనా పరీక్షలు అయ్యాక తాజుద్దీన్ పేజీలు తిరగేసి కూడాడు. ఏమీ తెలియని నూట అరవై ప్రశ్నల్లో ముప్ఫై ఎనిమిది తగిలాయి, నూట ఇరవై రెండు తప్పాయి: కోతలు పోగా రెండున్నర మార్కులు అప్పు. ఒక్కటి కొట్టేసిన తొంభైలో ముప్ఫై ఒకటి తగిలి, పదకొండు మార్కులు మిగులు. రెండు కొట్టేసిన నూట నలభైలో ఎనభై మూడు తగిలాయి, యాభై ఏడు తప్పాయి. ఎనభై మూడులోంచి పంతొమ్మిది కోస్తే అరవై నాలుగు.

"పది పరీక్షలకు అరవై నాలుగు. అంటే పరీక్షకు ఆరు మార్కులు రోడ్డు మీద పారేసి వస్తున్నవ్ చెల్లె."

ఆమె ఆ అంకెల వంక చాలాసేపు చూసింది. సంతోషించాల్సింది. సంతోషం రాలేదు. అంతవరకూ వదిలేయడమే భద్రం అనుకుంది. ఇప్పుడు వదిలేసినా ప్రమాదమే, నొక్కినా ప్రమాదమే. దాక్కోవడానికి చోటు లేకుండా చేశాడు తాజుద్దీన్.

పరీక్ష సెప్టెంబరు నెలాఖరులో పడింది. రెండో షిఫ్టు, హైదరాబాద్ శివార్లలో ఒక కాలేజీ. తెల్లవారుతూనే చండూరులో బస్సెక్కారు మొగుడూ పెళ్లామూ. అశోక్‌కుమార్ మాటల మనిషి కాడు. చౌటుప్పల్ దాటాక ఒక్కసారి, "కడుపుల ఏమన్న పడెయ్, పులిహోర తెచ్చిన" అన్నాడు. ఆమె ముట్టలేదు. కిటికీలోంచి చూస్తూ తొమ్మిదో ఎక్కం, పంతొమ్మిదో ఎక్కం నెమరు వేసింది. పంతొమ్మిది ఏడులు ఎంతో గుర్తు రాలేదు. నిన్నటిదాకా నిద్రలో అడిగినా చెప్పేది.

గేటు దగ్గర గాజులు, మట్టెలు, జడపిన్నులు అన్నీ తీసి మొగుడి రుమాల్లో పెట్టింది. "ఫికర్ జెయ్యకు రోజా" అన్నాడు అశోక్‌కుమార్. వేలిముద్ర తీసుకున్నారు, ఫొటో తీశారు, ఒక పెన్నూ తెల్లకాగితమూ ఇచ్చి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. చుట్టూ అందరూ ఇరవై ఏళ్ల పిల్లలు. పక్క సీటులో పిల్ల చూయింగ్ గమ్ నములుతోంది. నా కూతురుకంటే నాలుగేళ్లు పెద్దదేమో అనుకుంది రోజారమణి. ఆ అనుకోవడంతో ఉన్న ధైర్యం కాస్తా జారిపోయింది.

సూచనల పేజీ వచ్చింది. పొడుగ్గా, సన్నటి అక్షరాల్లో ఉంది. కోత ఎంతో ఆమెకు తెలుసు, ఇంకేముంటుందిలే అని కిందికి జరిపేసి, చదివాననే డబ్బాలో టిక్ పెట్టింది. ఆ పేజీలో ఒక వాక్యం ఆమె కోసమే కాచుకుని కూర్చుంది. ఆ సంగతి ఆమెకు ఇంకా తెలియదు.

మొదటి చుట్టు బాగానే సాగింది. తెలిసిన ప్రశ్న, జవాబు నొక్కడం, సేవ్ చేసి ముందుకు పోయే బటన్ నొక్కడం. పక్కన వంద గడుల పట్టీ ఉంటుంది, జవాబు చేరిన ప్రశ్న పచ్చగా మారుతుంది, చూసి వదిలేసింది ఎర్రగా ఉంటుంది. అనుమానం ఉన్న ప్రశ్నల నంబర్లను తెల్లకాగితం మీద తాజుద్దీన్ చెప్పినట్టు మూడు వరుసలుగా వేసుకుంది. డెబ్బై నిమిషాలు గడిచేసరికి పచ్చవి యాభై ఏడు. రెండు కొట్టేసినవి పద్దెనిమిది. ఒకటి కొట్టేసినవి పది. బొత్తిగా తెలియనివి పదిహేను.

యాభై ఏడు! ఈసారి పోటీ బాగా పెరిగిందని తాజుద్దీన్ ముందే చెప్పాడు. అవి అన్నీ ఒప్పయినా చాలవని ఆమెకు తెలుసు, అన్నీ ఒప్పు కావని కూడా తెలుసు. పద్దెనిమిదింటి జోలికి పోక తప్పదు. మంచినీళ్లు తాగింది. దేవుడా అనుకుని కాగితం మీది మొదటి నంబరు చూసి, పట్టీలో ఆ గడి నొక్కింది. ప్రశ్న వచ్చింది. రెండు పోగా మిగిలిన రెండింటిలో ఒకటి నొక్కింది. నొక్కగానే ఇక ఆ ప్రశ్న వంక చూడబుద్ధి కాలేదు. వెంటనే కాగితం మీది రెండో నంబరు, పట్టీలో ఆ గడి. మళ్లీ జవాబు, మళ్లీ తర్వాతి గడి. ఒక్కోదానికి ఊపిరి బిగబట్టుకుంటూ, తీగ మీద నడిచినట్టు నడుచుకుంటూ పద్దెనిమిదీ పూర్తి చేసింది. నొక్కేశాను, నొక్కేశాను అని లోపల అనుకుంది. ఏళ్ల తరబడి చేయలేనిది చేసినందుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

గడియారం ఇంకా మూడు నిమిషాల చిల్లర మిగిలినట్టు చూపిస్తోంది. పచ్చవి ఎన్నయ్యాయో చూద్దామని పట్టీ కిందికి చూసింది. జవాబులు చేరినవి: యాభై ఏడు.

మొదట అర్థం కాలేదు. మళ్లీ చూసింది. యాభై ఏడే. ఆ పద్దెనిమిది గడులూ ఎర్రగా అలాగే ఉన్నాయి. ఒక దాన్ని తెరిచింది. ఆమె పెట్టిన జవాబు అక్కడ లేదు. తాజుద్దీన్ సెంటర్‌లోని నమూనాలో జవాబు నొక్కితే చాలు, దానంతటదే చేరిపోయేది. ఇక్కడ సేవ్ బటన్ నొక్కకుండా పట్టీలోంచి వేరే ప్రశ్నకు దూకితే, పెట్టిన జవాబు పోతుంది. సూచనల పేజీలో కాచుకున్న వాక్యం అదే.

చెవుల్లో హోరు. లేచి అరవాలనిపించింది, ఎవరిని అడుగుతుంది, ఏమని అడుగుతుంది? ఆ హోరులో ఒక మెత్తటి మాట వినిపించింది. పోనీలే. నువ్వు తప్పు చేయకుండా దేవుడే ఆపాడు. పోయినసారి కూడా చివర్లో నొక్కే కదా పోగొట్టుకున్నావు. యాభై ఏడు చాలు, చేతులు దించు. ఎంత తియ్యగా ఉందో ఆ మాట! నిజానికి ఆమె చేతులు దించేసింది కూడా. ఒడిలో పెట్టుకుని తెర వంక చూస్తూ కూర్చుంది. నిమిషం పోయింది, ఇంకో అర నిమిషమూ పోయింది. ఆ నిమిషన్నర అంత సుఖం ఆ రోజంతటిలో ఆమెకు లేదు.

తర్వాత నోటుబుక్కులోని అంకె కళ్ల ముందుకు వచ్చింది. ఎనభై మూడు ఒప్పు, యాభై ఏడు తప్పు. అది దేవుడు రాసిన లెక్క కాదు, తాజుద్దీన్ రాసిందీ కాదు. నూట నలభై సార్లు ఒక్కొక్కటిగా తన చేత్తో రాసుకున్నది. ఇది పోయినసారి నొక్కుడు కాదని తన రాతే చెబుతోంది. పోయినసారి తెలియక నొక్కింది. ఈసారి తెలిసి వదిలేస్తే, ఇక జన్మలో ఎవరి మీద నెపం పెడుతుంది?

చెయ్యి మౌస్ మీదికి పోయింది. మొదటి గడి నొక్కింది, జవాబు, సేవ్. గడి పచ్చబడింది. ఇందాక ఏది పెట్టిందో కొన్నింటికి గుర్తుంది, కొన్నింటికి మళ్లీ చదవాల్సి వచ్చింది. జవాబు, సేవ్. ఇంకొకటి. గడియారంలో ఎర్ర అంకెలు పరుగెత్తుతున్నాయి. పళ్లు గట్టిగా కరుచుకుంది, దవడ నొప్పి పుట్టింది. పదకొండో గడి పచ్చబడిందో లేదో తెర మూసుకుపోయింది. ఏడు ఎర్రగానే ఉండిపోయాయి.

గేటు బయట అశోక్‌కుమార్ రుమాలు చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "ఎట్ల రాసినవ్?" అని అడగలేదు. ఆమె మొహం చూసి అడగబుద్ధి కాలేదు. గాజులు ఒక్కొక్కటే తీసి ఇస్తుంటే ఆమె, "పదకొండు నొక్కిన. తెల్వకుంటనే నొక్కిన" అంది, చేయకూడని పని చేసి వచ్చినదానిలా. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. "మంచిదాయె" అన్నాడు. పిచ్చి మారాజు.

ఆ తర్వాతి రోజులు భయంకరంగా గడిచాయి. ఆ పదకొండూ తప్పయి ఉంటే నాలుగు మార్కుల దాకా పోయినట్టే. అన్నం వండుతూ, చిటికి కడుతూ, పిల్లల జడలు వేస్తూ ఆ పదకొండు ప్రశ్నల్నే తిరగేసుకునేది. పుస్తకంలో చూసుకోవచ్చు, జవాబులు దొరుకుతాయి. ఆమె ఒక్కదాన్నీ చూసుకోలేదు. నెల తర్వాత కీ వచ్చిందని తాజుద్దీన్ ఫోన్ చేస్తే, రెండు రోజులు చండూరు పోలేదు, జ్వరమని చెప్పింది. మూడో రోజు ఆయనే, "చెల్లె, నువ్వొస్తవా, నేనే సూడాల్నా?" అన్నాడు. అప్పుడు పోయింది.

ఆయన తెర తన వైపు తిప్పుకుని, ఒక్కో ప్రశ్నా చూస్తూ రసీదు వెనక గీతలు పెట్టాడు. ఆమె గోడకు ఉన్న క్యాలెండర్ వంక చూస్తూ నిలబడింది. గట్టిగా తెలుసనుకున్న యాభై ఏడులో యాభై నాలుగు ఒప్పు, మూడు తప్పు. యాభై మూడు. తర్వాత ఆయన మిగిలిన పదకొండు గీతలనూ రెండోసారి లెక్కబెట్టాడు.

"చెప్పన్నా. చంపకు."

"పదకొండుకు ఎనిమిది తగిలినయ్. మూడు తప్పు. ఎనిమిదిల ఒకటి పాయె, ఏడు. మొత్తం అరవై చెల్లె."

ఆమె కుర్చీలో కూలబడిపోయింది. అరవై చాలునా చాలదా అన్నది ఆయనా చెప్పలేకపోయాడు. షిఫ్టుల మధ్య సర్దుబాటు చేస్తారు, ఒకరికి పెరుగుతుంది, ఒకరికి తగ్గుతుంది. మళ్లీ భయం. డిసెంబరులో పరుగుకు పిలిచారు. ఇరవై కిలోల మూట ఎత్తుకుని నడిచింది, కిలోమీటరు పరుగెత్తింది, పిల్లల వయసువాళ్ల వెనక రొప్పుతూ గీత దాటింది. దవాఖానలో కళ్లు చూశారు. అయినా చివరికి ఉద్యోగం ఇచ్చేది ఆ పరీక్ష మార్కుల వరుసలోనే. చివరి జాబితా వచ్చిన రోజు తాజుద్దీన్ ఫోన్‌లో అరిచిన అరుపుకు పక్క దుకాణాల వాళ్లు వచ్చారట. ఆఖరి పేరుకంటే ఆమె మార్కు ఒకటిన్నర మాత్రమే ఎక్కువ. ఆ పదకొండూ నొక్కకపోయి ఉంటే అయిదు మార్కుల పైగా కింద ఉండేది.

చండూరు పోయి జాబితా కళ్లారా చూసుకుని ఇంటికి వచ్చేసరికి సుభద్రమ్మ మగ్గం మీదే ఉంది. అశోక్‌కుమార్ ముందే వచ్చి చెప్పేశాడు, పిల్లలు ఎగురుతున్నారు. ముసలావిడ మాత్రం పోగుల మధ్య అటూ ఇటూ తిరిగే నాడె ఆపి, కళ్లజోడు పైకి తోసి, కోడల్ని ఎగాదిగా చూసింది.

"అన్నీ కరెక్టు రాసినవా?"

"లేదత్తమ్మా. ఆరు తప్పులు పోయినయ్. ఇరవై ఐదు అసలు రాయనే లేదు, ఇంకో ఏడు రాయనీకె టైమే దొరకలే."

సుభద్రమ్మ పదేళ్ల వయసులో మగ్గం మీద కూర్చున్న మనిషి. ఒక్క పోగు అటూఇటూ అయితే, ఒక్క చోట రంగు కారితే చీర మొత్తం తిప్పి మొహాన కొడతారని అరవై ఏళ్లుగా చూసిన మనిషి. కోడలు ఈ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచీ చిటికి ముడి తప్పినప్పుడల్లా చెయ్యి మీద కొట్టి విప్పించిన మనిషి కూడా ఆమే.

"ఆరు తప్పులు చేసినా తీసుకున్నరా నిన్ను?" అంది నమ్మలేక, చిన్నపిల్ల అడిగినట్టు.

"తీసుకున్నరత్తమ్మా" అంది రోజారమణి. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆమెకు ఏడుపు ఆగలేదు.